ఈ కుర్చీకి జీతం ఎవరి డబ్బు, ఏ నెల దాకా? సామాజిక రంగంలో ఉద్యోగం వెతకడం ఎలా

స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం వెతికేవాళ్లు ముందుగా సంస్థ మంచిదేనా అని వాకబు చేస్తారు. అదీ అవసరమే. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీరు కూర్చోబోయే కుర్చీకి జీతం ఏ గ్రాంటులోంచి వస్తోంది, ఆ గ్రాంటు ఏ నెలతో ముగుస్తుంది? ఎంత మంచి సంస్థ అయినా గ్రాంటు అయిపోతే దాని మీద ఉన్నవాళ్లను ఉంచుకోలేదు. 2025 జనవరి 20న అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజుల పాటు ఆపింది. మార్చి 10న, ఆ సాయాన్ని అందించే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని ప్రకటించింది. జులై 1 నుంచి ఆ సంస్థ సాయం అందించడమే మానేసింది. ఆ డబ్బు మీద నడిచినవాటిలో దశాబ్దాల పేరున్న సంస్థలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఉపాధి పోయినవాళ్లు పని చేతకాక పోగొట్టుకోలేదు.

నిధుల సంగతి తెలిస్తే జీతం సంగతి సగం తెలిసినట్టే. మీరు నమ్మే పని అక్కడ నిజంగా జరుగుతోందా అన్నదీ అక్కడే బయటపడుతుంది. అందుకే ఈ పద్ధతిలో డబ్బు దారి పట్టుకుని వెళ్లి, మిగతా రెండూ దాని వెంటే చూస్తాం.

ముందు గ్రాంట్లు వెతకండి, తర్వాత ప్రకటనలు

అందరూ ఉద్యోగ ప్రకటనల దగ్గరే మొదలుపెడతారు. రిలీఫ్‌వెబ్, డెవెక్స్, ఐడియలిస్ట్ లాంటి చోట్ల రోజూ చూడటంలో తప్పు లేదు. కానీ ప్రకటన బయటికి వచ్చేసరికి డబ్బు కథ చాలా దూరం నడిచి ఉంటుంది. ఒక సంస్థకు కొత్త గ్రాంటు వస్తే మనుషుల్ని తీసుకోవడం దాని వెనకే మొదలవుతుంది. ఆ సమయంలో చేరినవాళ్లకు గ్రాంటు కాలం దాదాపు మొత్తం దొరుకుతుంది. చివరి ఏడాదిలో చేరినవాళ్లకు మిగిలేది తోకే.

దాతలు కొందరు తామిచ్చిన గ్రాంట్ల వివరాలు బహిరంగంగా పెడతారు. గేట్స్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు, దేనికోసం, ఎన్ని నెలలకు అన్న జాబితా ఉంటుంది. బ్రిటన్ దాతల గ్రాంట్లు `grantnav.threesixtygiving.org` లో దొరుకుతాయి. ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు ఇచ్చే సాయంలో చాలా భాగం ఐఏటీఐ అనే ఉమ్మడి ప్రమాణంలో ప్రచురిస్తారు, దాన్ని `d-portal.org` లో వెతకవచ్చు. అక్కడ ప్రాజెక్టు మొదలైన తేదీ, ముగిసే తేదీ రెండూ కనిపిస్తాయి.

చేయాల్సింది ఇంతే. మీ విషయం, అంటే చదువో ఆరోగ్యమో నీళ్లో, పెట్టి గత ఆరు నెలల్లో వచ్చిన గ్రాంట్లను చూడండి. అందుకున్న సంస్థల పేర్లు రాసుకోండి. ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీని వారానికోసారి చూడండి. ఇరవై పేర్లున్న జాబితా అయితే చేతిలో ఇముడుతుంది. వంద పేర్లు పెట్టుకుంటే మళ్లీ గుడ్డిగా దరఖాస్తులు పంపే స్థితికే వస్తారు. చిన్న దాతల డబ్బు, సాధారణ ప్రజల విరాళాలు ఈ జాబితాల్లో ఉండవు కాబట్టి ఇందులో పేరు లేని సంస్థను కొట్టిపారేయకండి. దాన్ని వేరే దారిలో చూడాలి, అంతే.

ప్రకటనలో చిన్న అక్షరాలు

ఒక ప్రకటన తీసుకుని చివరి దాకా దాంతోనే నడుద్దాం. ఊహించిన ఉదాహరణే గానీ ఇలాంటివి మీకు తరచూ ఎదురవుతాయి: "ప్రోగ్రామ్ మేనేజర్, ప్రాథమిక పాఠశాల పఠన కార్యక్రమం. 12 నెలల కాంట్రాక్టు, పనితీరు, నిధుల లభ్యతను బట్టి పొడిగింపు. వెంటనే చేరాలి. ఆకర్షణీయమైన జీతం."

"నిధుల లభ్యతను బట్టి" అని చూడగానే పేజీ మూసేయకండి. ఈ రంగంలో చాలా ప్రకటనల్లో అది ఉంటుంది, నిజాయితీగా చెప్పిన మాట కూడా. "వెంటనే చేరాలి" దగ్గర మాత్రం ఆగండి. కొత్త గ్రాంటు మొదలవుతుంటే సాధారణంగా చేరే తేదీ ముందే ఖరారై ఉంటుంది. వెంటనే కావాలంటే ఎవరో మధ్యలో వెళ్లిపోయి ఉండాలి, లేదా ప్రాజెక్టు వెనకబడి దాత అడుగుతూ ఉండాలి. రెండింటిలో ఏదైనా కావచ్చు, అది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

పొడిగింపు మాట కన్నా పెద్ద తేడా చేసేది "కాంటింజెంట్ అపాన్ అవార్డ్" అనే మాట. అంటే గ్రాంటు ఇంకా రాలేదు. సంస్థ ఒక పెద్ద టెండరుకు ప్రతిపాదన రాస్తోంది, అందులో ముఖ్య ఉద్యోగుల బయోడేటాలు జతచేయాలి, అందుకే మీది అడుగుతోంది. అలాంటి చోట పేరు ఇవ్వడంలో నష్టం లేదు. కాకపోతే దాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టుకుని చేతిలో ఉన్నదాన్ని వదలకండి. ఒకే టెండరుకు రెండు సంస్థలకు మీ బయోడేటా వాడుకోనిస్తూ సంతకం చేయడమూ వద్దు. తర్వాత ఇబ్బంది పడేది మీరే.

మూడేళ్ల లెక్కలు ఎలా చదవాలి

దరఖాస్తు పంపే ముందు సంస్థ ఆడిట్ అయిన లెక్కలు మూడేళ్లవి తెచ్చుకోండి. ఎక్కడ దొరుకుతాయన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా సంస్థలైతే ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 బహిరంగ పత్రం, దాన్ని ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితంగా చూడవచ్చు. ఇంగ్లండ్, వేల్స్ సంస్థలకు ఛారిటీ కమిషన్ రిజిస్టర్ ఉంది, అందులో ఐదేళ్ల ఆదాయ వ్యయాలు ఒక్క చూపులో కనబడతాయి. భారతదేశంలో విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ తన ఆడిట్ లెక్కలను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా సొంత వెబ్‌సైట్‌లోనో ప్రభుత్వం సూచించిన వెబ్‌సైట్‌లోనో పెట్టాలని నిబంధన. మిగతా సంస్థల్లో చాలావరకు వార్షిక నివేదిక చివరి పేజీల్లో లెక్కలు ఇస్తాయి. ఎక్కడైనా సరే, మీకు దొరికే లెక్కలు కొన్ని నెలల పాతవే. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఇప్పుడు మన ప్రకటన పెట్టిన సంస్థ. అంకెల పరిమాణం మనకు అనవసరం కాబట్టి మొదటి ఏడాది ఆదాయాన్ని 100 అనుకుందాం. రెండో ఏడు 118, మూడో ఏడు 190 వచ్చింది. ఖర్చు 97, 114, 152. పైపైన చూస్తే అద్భుతంగా పెరుగుతున్న సంస్థ. వార్షిక నివేదిక మొదటి పేజీలో కూడా ఆ బొమ్మే వేసి ఉంటుంది.

ఇక్కడ మూడు సంగతులు చూడాలి. మొదటిది, అతి పెద్ద దాత వాటా. మొదటి ఏడు ఆ దాత ఇచ్చింది 30, మిగతా అందరూ కలిసి 70. మూడో ఏడు ఆ ఒక్కరే 114 ఇచ్చారు, మిగతావాళ్లది 76. అంటే మూడేళ్లలో పెరిగిన 90లో 84 ఒకే జేబులోంచి వచ్చింది. మిగతా దాతల డబ్బు దాదాపు ఉన్నచోటే ఉంది. ఆ ఒక్కరు తప్పుకుంటే 152 ఖర్చు పెట్టే సంస్థకు ఆ ఖర్చులో సగానికి సరిపడే ఆదాయమే మిగులుతుంది. దాతల పేర్లు, మొత్తాలు లెక్కల్లో విడిగా లేకపోతే వార్షిక నివేదికలో దాతల పేజీ చూడండి. అక్కడా లేకపోతే ఇంటర్వ్యూలో అడగండి. "మీ మొత్తం ఆదాయంలో అతి పెద్ద దాతది ఎంత శాతం?" అన్నది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. డైరెక్టర్ స్థాయి మనిషి దానికి వెంటనే జవాబు చెప్పగలగాలి.

రెండోది, ఆంక్షలు లేని నిధి. గ్రాంటు డబ్బు దాత చెప్పిన పనికే ఖర్చు చేయాలి. బ్యాంకులో ఎంత ఉన్నా దాన్ని ఇంకో ప్రాజెక్టు జీతాలకు వాడకూడదు. కష్టకాలంలో సంస్థను నిలబెట్టేది, తన ఇష్టప్రకారం వాడుకోగలిగిన సొంత నిధి. ఫారం 990లో అది పదో భాగంలో "దాత ఆంక్షలు లేని నికర ఆస్తులు" అన్న వరుసలో ఉంటుంది. మన సంస్థకు అది 24 ఉంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ అందులో 9 ఆఫీసు భవనం, వాహనాల విలువ. భవనం అమ్మి జీతాలివ్వరు కదా. మిగిలింది 15. సంస్థ నెల ఖర్చు, 152ని 12తో భాగిస్తే, 12.7 దాకా వస్తుంది. కొత్త డబ్బు రాకపోతే ఈ సంస్థ నడిచేది దాదాపు 36 రోజులు. ఎన్ని నెలలుంటే చాలు అన్నదానికి ఒకే కొలత లేదు. నా లెక్కలో మూడు నెలల కింద ఉంటే, మీ పోస్టుకు సంతకమైన గ్రాంటు ఉందో లేదో తేల్చుకోకుండా అడుగు వేయకూడదు.

మూడోది, హెచ్చుతగ్గులను తప్పుగా అర్థం చేసుకోకపోవడం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. అమెరికా లెక్కల పద్ధతిలో షరతుల్లేని మూడేళ్ల గ్రాంటు వస్తే మొత్తం ఆదాయాన్ని మొదటి ఏడాదిలోనే చూపిస్తారు. ఆ ఏడు భారీ మిగులు కనిపిస్తుంది, తర్వాతి రెండేళ్లు లోటు కనిపిస్తుంది. సంస్థ మునిగిపోతోందని భయపడతాం. నిజానికి ముందే వచ్చిన డబ్బును అనుకున్నట్టు ఖర్చు పెడుతోంది. భారతదేశంలో చాలా సంస్థలు దీనికి వ్యతిరేకంగా రాస్తాయి: ఖర్చు చేసినంత మేరకే ఆదాయంగా చూపి, మిగిలినదాన్ని "ఖర్చు కాని గ్రాంటు" పేరుతో అప్పుల వైపు పెడతాయి. అక్కడ అప్పులు పెరిగాయని కంగారు పడనక్కర్లేదు. అలాగే అమెరికాకు చెందిన మెకంజీ స్కాట్ లాంటి దాతల నుంచి ఒకేసారి పెద్ద విరాళం వచ్చిన ఏడాది అంకెలను మామూలు ఏడాదిగా తీసుకోకండి. ఆ డబ్బును సంస్థ ఎలా దాచుకుంది, ఎన్నేళ్లకు సర్దుకుంది అన్నది చూడండి. ఏడాదిలోనే సిబ్బందిని రెట్టింపు చేసిన సంస్థ కన్నా, కొంత పక్కన పెట్టి నెమ్మదిగా పెంచిన సంస్థలో చేరడం నాకు నిశ్చింతగా ఉంటుంది.

దేశ నిబంధనలు కూడా నిధులను ఒక్కసారిగా మార్చేస్తాయి. భారతదేశంలో విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020లో చేసిన సవరణతో, విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు. పరిపాలన ఖర్చు కూడా ఆ డబ్బులో 20 శాతం దాటకూడదు, అంతకు ముందు పరిమితి 50 శాతం. పెద్ద సంస్థ నుంచి వాటా తీసుకుని నడిచిన చిన్న సంస్థల ఆధారం అలా పోయింది. ఆ చట్టం కింద చేసుకునే రిజిస్ట్రేషన్‌కు గడువు ఐదేళ్లు. కాబట్టి విదేశీ నిధులున్న సంస్థలో చేరేముందు రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో, పునరుద్ధరణ ఏ దశలో ఉందో అడగండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు వేరే లయ ఉంది: కొనసాగే ప్రాజెక్టు అన్నదానికి కూడా మొదలైన సంవత్సరం కాక మూడేళ్లే హద్దు.

అడగాల్సింది ఒక్క ఉత్తరంలో

లెక్కలు సంస్థ గురించి చెబుతాయి. మీ కుర్చీ గురించి చెప్పవు. అది అడిగితేనే తెలుస్తుంది. మొదటి ఇంటర్వ్యూ అయ్యాక, వాళ్లకు మీ మీద ఆసక్తి ఉందని తెలిశాక రాయండి. అంతకు ముందు రాస్తే జవాబు రాకపోవచ్చు, ఆఫర్ మీద సంతకం చేశాక రాస్తే జవాబు వచ్చినా లాభం లేదు. ఇలా ఉండొచ్చు:

"నమస్కారం. ఈ పోస్టు గురించి వివరంగా మాట్లాడినందుకు కృతజ్ఞతలు. నిర్ణయం తీసుకునే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ పోస్టు జీతం ఏ గ్రాంటు లేదా గ్రాంట్ల నుంచి, ఏ నిష్పత్తిలో వస్తుంది? ఆ గ్రాంటు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది? పొడిగింపు ప్రస్తుతం ఏ దశలో ఉంది? ఇది కొత్త పోస్టా, ఎవరైనా ఖాళీ చేసిందా? గ్రాంటు ముగిసినప్పుడు ఇదివరకు ఇలాంటి పోస్టుల్లో ఉన్నవారిని సంస్థ ఏం చేసింది?"

ఈ ప్రశ్నల్లో చివరిదే నాకు అన్నిటికన్నా విలువైనది. మొదటివాటికి తేదీలు వస్తాయి. చివరిదానికి సంస్థ తన మనుషుల్ని ఎలా చూస్తుందో వస్తుంది. "నలుగురిలో ఇద్దరిని వేరే ప్రాజెక్టులోకి తీసుకున్నాం, ఇద్దరికి మూడు నెలల ముందే చెప్పి సిఫారసు ఉత్తరాలిచ్చాం" అని చెప్పగలిగిన మేనేజర్ దగ్గర ధైర్యంగా చేరవచ్చు. "అలాంటి పరిస్థితి రాదులెండి" అని తేలిగ్గా తీసేస్తే, ఆ పరిస్థితి వచ్చినప్పుడు మీకు ఎప్పుడు తెలుస్తుందో ఊహించుకోండి.

పొడిగింపు గురించి వచ్చే జవాబును కాస్త జాగ్రత్తగా వినాలి. "దాత చాలా సంతృప్తిగా ఉన్నారు", "మాటలు నడుస్తున్నాయి", "కాన్సెప్ట్ నోట్ పంపాం", "ప్రతిపాదన పరిశీలనలో ఉంది", "సంతకమైంది" అన్నవి ఒకదానికొకటి చాలా దూరం. మీ నిర్ణయానికి చివరిదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. మిగతావి నిజమే అయినా, ఆశ మాత్రమే.

మన సంస్థ నుంచి జవాబు వచ్చిందనుకుందాం. జీతం మొత్తం ఆ పెద్ద దాత గ్రాంటు నుంచే. అది 36 నెలల గ్రాంటు, ఇప్పుడు ఇరవయ్యో నెల. పొడిగింపు మీద మాటలు నడుస్తున్నాయి. ఇంతకు ముందున్న మేనేజర్ వేరే చోటికి వెళ్లారు. ఎంపిక, పాత చోట నోటీసు అన్నీ కలిపి మీరు చేరేసరికి ఇరవై రెండో నెల నిండుతుంది. మిగిలేది 14 నెలలు. అందులో చివరి మూడు నెలలు తుది నివేదికలు, ఆడిట్, సామాన్ల అప్పగింతలతోనే గడుస్తాయి. పఠన కార్యక్రమం మీద నిజంగా పని చేయడానికి దొరికేది 11 నెలలు. ప్రకటనలో ఉన్న "12 నెలలు, పొడిగింపు" అన్న మాట వెనక ఉన్న బొమ్మ ఇది.

జీతం: ఎంతిస్తారు, ఎంత మిగులుతుంది

ఈ రంగంలో జీతం బేరం వేరే రకం. మీ పోస్టుకు ఎంత అన్నది ప్రతిపాదన రాసిన రోజే బడ్జెట్‌లో ఒక వరుసగా రాసేశారు, దాత ఆమోదించారు. ఇప్పుడు మేనేజర్‌కు మీరెంత నచ్చినా ఆ వరుస దాటడం ఆయన చేతిలో ఉండదు. చాలా గ్రాంటు ఒప్పందాల్లో ఒక వరుస నుంచి ఇంకో వరుసకు కొద్ది శాతం, తరచుగా 10 దాకా, సర్దుకునే వీలుంటుంది. అది దాటితే దాతకు రాసి అనుమతి తెచ్చుకోవాలి. అందుకే "ఇంకాస్త పెంచండి" అని అడగడం కన్నా "ఈ పోస్టుకు బడ్జెట్‌లో ఎంత నుంచి ఎంత దాకా ఉంది, రెండో ఏడు పెంపు అందులో రాసి ఉందా?" అని అడగండి. ఆ వరుసలో చోటుంటే దక్కుతుంది. లేకపోతే సెలవులు, ఆరోగ్య బీమా, హోదా పేరు, ఫీల్డు ప్రయాణ ఖర్చులు విడిగా ఇవ్వడం లాంటివాటిలో చోటు వెతకాలి. "ఆకర్షణీయమైన జీతం" అని రాసినవాళ్లను సంఖ్య అడగడానికి మొహమాటపడకండి. ఐరోపా సమాఖ్యలో అయితే 2023 నాటి జీతాల పారదర్శకత ఆదేశం ప్రకారం, సభ్య దేశాలు 2026 జూన్ 7లోగా దాన్ని తమ చట్టాల్లోకి తేవాలి: మొదటి జీతం లేదా దాని పరిధి అభ్యర్థికి తెలియాలి, పాత జీతం ఎంతని అడగకూడదు.

ఇప్పుడు లెక్క. మీ ప్రస్తుత ఉద్యోగంలో నెలకు చేతికొచ్చేది 100 అనుకుందాం. ఈ సంస్థ 130 అంటోంది. ముప్పై శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ 130 సీటీసీ, అంటే మీ మీద సంస్థకు అయ్యే మొత్తం ఖర్చు అని తర్వాత తెలుస్తుంది. అందులో సంస్థ కట్టే భవిష్య నిధి 9, గ్రాట్యుటీ 4, బీమా 2. ఇవి మీ పాత చోటా ఉన్నాయి గనక తీసేసి పోల్చాలి. ఇంకో 10 ఫీల్డు ప్రయాణ భత్యం. స్కూళ్లకు తిరగడానికి ఖర్చయ్యేదాన్ని జీతంలో కలిపి చూపారన్నమాట, అది మీకు మిగలదు. ఇవన్నీ పోగా 105. పన్ను రెండు చోట్లా ఒకేలా ఉంటుందనుకుని పక్కన పెడదాం.

అంటే పెరిగేది ఐదు. ఇక్కడే నిధుల లెక్కను జీతం లెక్కతో కలపాలి. గ్రాంటు 14 నెలల్లో ముగుస్తుంది. తర్వాత ఇంకో ఉద్యోగం దొరకడానికి మూడు నెలలు పడుతుందనుకోండి. 17 నెలల కాలంలో మీకు వచ్చేది 105 చొప్పున 14 నెలలు, 1470. దాన్ని 17తో భాగిస్తే నెలకు 86. ఉన్న ఉద్యోగంలోనే ఉంటే 100. ముప్పై శాతం పెంపు అనుకున్నది పద్నాలుగు శాతం కోతగా తేలింది. ఈ రెండూ సమానం కావాలంటే చేతికొచ్చేది నెలకు 121 ఉండాలి. మీ సంఖ్యలతో ఈ లెక్క మీరే వేసుకోండి: చేతికొచ్చే జీతాన్ని ఖాయమైన నెలలతో గుణించి, ఖాయమైన నెలలకు ఖాళీ నెలలు కలిపి దాంతో భాగించండి. ఖాళీ ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరు. మీలాంటి పోస్టులో ఉన్నవాళ్లకు కిందటిసారి ఎంతకాలం పట్టిందో ఇద్దరు ముగ్గురిని అడిగి ఒక సంఖ్య పెట్టుకోండి.

ఉద్యోగిగా కాక కన్సల్టెంటుగా తీసుకుంటామంటే ఇంకో పొర ఉంది. జీతంతో కూడిన సెలవు ఉండదు, భవిష్య నిధి ఉండదు, బీమా మీరే కట్టుకోవాలి. రోజుకింత అని చెప్పినప్పుడు ఏడాదికి ఎన్ని రోజులకు బిల్లు పెట్టనిస్తారో ఒప్పందంలో చూడండి. ఆ రోజుల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే ఆదాయం. ఏడాది పొడవునా ఒకే సంస్థకు, ఒకే మేనేజర్ కింద, ఆఫీసు వేళల్లో పని చేయిస్తూ కన్సల్టెంటు అని పిలుస్తుంటే, ఆ పేరు వల్ల మిగిలేది సంస్థకే. ఉద్యోగిగానే తీసుకోమని ఒకసారి గట్టిగా అడిగి చూడండి.

ఆశయం: గోడ మీద కాదు, నివేదికలో వెతకండి

సంస్థ ఆశయం ఏమిటో వాళ్ల వెబ్‌సైట్ చెబుతుంది. మీరు రోజూ ఏం చేస్తారో దాతకు పంపే త్రైమాసిక నివేదిక చెబుతుంది. మన సంస్థ ఆశయం "ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవగలగాలి." నివేదికలో ప్రతి మూడు నెలలకూ అడిగేది ఎంతమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఎన్ని స్కూళ్లకు పుస్తకాలు చేరాయి, ఎన్ని సందర్శనలు జరిగాయి. పిల్లలు చదవగలుగుతున్నారా అన్నది ప్రాజెక్టు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలుస్తారు. అలాంటి చోట మేనేజర్ రోజులు శిక్షణల హాజరు పట్టికలు సరిచూడటంలోనే పోతాయి. ఆ పని చెడ్డదని కాదు, అది కూడా ఎవరో చేయాల్సిందే. కానీ మీరు పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి కార్యక్రమం మార్చాలని వెళ్తుంటే, ఆరు నెలల్లో విసిగిపోతారు.

అందుకే ఇంటర్వ్యూలో ఖాళీ నివేదిక నమూనా చూపించమని అడగండి. రహస్యం ఏమీ ఉండదు, చాలామంది చూపిస్తారు. తర్వాత ఇది అడగండి: "గత ఏడాది ఏ పని ఫలించలేదని మీరు ఆపేశారు?" నిజంగా పిల్లల చదువు మీద ధ్యాస ఉన్న బృందానికి జవాబు నాలుక చివర ఉంటుంది. మేనేజర్‌తో పాటు ఫీల్డులో ఉన్న ఒక కార్యకర్తతో పది నిమిషాలు మాట్లాడే అవకాశం కోరండి, ఆమెనూ ఇదే అడగండి. ఇద్దరి జవాబులూ ఒకే పని గురించి అయితే కింద చూసింది పైదాకా చేరుతోందన్నమాట.

ఐదేళ్ల వార్షిక నివేదికలు పక్కపక్కన పెట్టి విషయసూచికలు మాత్రం చదవడం ఇంకో మంచి పరీక్ష. అరగంట పని. ఒక ఏడు పఠనం, తర్వాతి ఏడు నైపుణ్యాలు, ఆ తర్వాత డిజిటల్, ఇప్పుడు వాతావరణం అని మారుతూ పోతే సంస్థ దాతల వెనక నడుస్తోందని అర్థం. దీన్ని తప్పుపట్టడం తేలిక. కానీ సొంత నిధి 36 రోజులకు మించి లేని సంస్థకు వద్దని చెప్పే స్వేచ్ఛ ఎక్కడిది? లెక్కల్లో చూసిన ఆ 15 ఆశయం గురించి కూడా చెబుతోంది. కాబట్టి "మీరు ఎప్పుడైనా ఏ దాత డబ్బయినా వద్దన్నారా, ఎందుకు?" అని అడగండి. ఒక్క నిజమైన ఉదాహరణ చెప్పగలిగితే చాలు.

మరి చేరాలా?

మన ప్రకటన సంగతికి వస్తే, స్థిరమైన ఉద్యోగంలో ఉండి, ఇంట్లో మీ జీతం మీద ఆధారపడినవాళ్లున్నప్పుడు దీనికోసం అది వదలమని నేను చెప్పను. 86, 36 రోజులు, హాజరు పట్టికలు, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇప్పుడు చేతిలో ఉద్యోగం లేనివారి లెక్క వేరు. వాళ్లు పోల్చాల్సింది 100తో కాదు, సున్నాతో. 14 నెలల జీతం, ఒక పెద్ద ప్రాజెక్టును ముగించిన అనుభవం వాళ్లకు నిజంగా పనికొస్తాయి. గ్రాంటు ముగింపు పనులు బాగా చేయగల మేనేజర్లు తక్కువ, ఆ మాట బయోడేటాలో ఉంటే తర్వాతి చోట విలువ ఉంటుంది. సంస్థ "పోస్టులో 40 శాతం ఇంకో దాత గ్రాంటు నుంచి, అది ఇంకా 30 నెలలు ఉంది, సంతకమైంది" అని చెప్పి ఉంటే మొదటివారికి కూడా నా జవాబు మారేది.

చేరాలనుకుంటే నియామక పత్రంలో రెండు చోట్ల చూడండి. గ్రాంటు మధ్యలో ఆగితే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారన్నది ఒకటి. మామూలు నోటీసు 60 రోజులని రాసి, నిధులు ఆగితే వెంటనే తొలగించవచ్చని ఇంకో పేరాలో రాస్తుంటారు. ఆ రెండో పేరాకు కూడా కనీసం 30 రోజులు పెట్టమని చేరకముందే అడగండి. రెండోది, పోస్టు ఏ ప్రాజెక్టుకు ముడిపడి ఉందో పత్రంలో పేరుతో రాసి ఉందా అన్నది. సంస్థ మిమ్మల్ని వేరే ప్రాజెక్టులోకి మార్చగలిగేలా రాసి ఉంటే అది మీకు మేలు.

చేరిన వారంలోనే గ్రాంటు ఒప్పందం, బడ్జెట్ అడిగి చదవండి. ప్రోగ్రామ్ మేనేజర్‌కు అవి ఎలాగూ కావాలి. ముగింపు తేదీ నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ రోజుకు పొడిగింపు మీద సంతకం కాకపోతే, మీ మేనేజర్‌కు చెప్పి మరీ దరఖాస్తులు పంపడం మొదలుపెట్టండి.